హోంవర్క్ కింద టీచర్ రాసే మాటలు పనికొస్తున్నాయా? ఎలా కొలవాలి?

చంద్రగిరి లెక్కల టీచర్

అందరికీ నమస్కారం. చంద్రగిరి పక్కన ఒక హైస్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతాను. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో కలిసే లెక్కల టీచర్లం ముగ్గురం ఈ మధ్య ఒక పని పెట్టుకున్నాం. ఒకరి పిల్లల నోట్సులు ఇంకొకరం తీసుకుని, హోంవర్క్ కింద మేం ఎర్ర ఇంకుతో రాసే మాటలు పిల్లలకు ఎంతవరకు పనికొస్తున్నాయో చూడాలని. ఇది పైనుంచి వచ్చిన ఆర్డర్ కాదు. గంటలు గంటలు కరెక్షన్ చేస్తున్నాం కదా, అందులో ఎంత వృథా అవుతోందో మాకే తెలుసుకోవాలని ఉంది.

కొలవడానికి రెండు ప్రశ్నలు పెట్టుకున్నాం. ఒకటి, తప్పు ఎక్కడుందో, ఏమిటో వ్యాఖ్య విడమరిచి చెప్పిందా? దీన్ని నిర్దిష్టత అనుకుంటున్నాం. రెండు, అది చదివిన పిల్లవాడు చేయగలిగిన పని ఏదైనా అందులో ఉందా? దీన్ని ఆచరణ అంటున్నాం. ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు.

చిక్కు ఇక్కడే వచ్చింది. ఒకే వ్యాఖ్యకు నేను 2 వేస్తే మా సహోద్యోగి 0 వేస్తున్నారు. ఒక ఉదాహరణ చూడండి. ఎనిమిదో తరగతి లెక్క ఇది:

3(x − 4) = 2x + 5

ఒక అబ్బాయి రెండో లైన్లో 3x − 4 = 2x + 5 అని రాసి, x = 9 తెచ్చాడు. సరైన జవాబు 17. దీని కింద టీచర్ రాసింది: "బ్రాకెట్ తీయడంలో తప్పు. జాగ్రత్తగా చేయి." నేను నిర్దిష్టతకు 2, ఆచరణకు 1 వేశాను. ఆమె 1, 0 వేశారు. ఎవరి లెక్క సరైనదో మాకు తేలడం లేదు. ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పుత్తూరు మాస్టారు

అమ్మా, దీనికింత టెన్షన్ ఎందుకు? వ్యాఖ్యలో క్రియాపదం ఉందా లేదా చూడండి. "చేయి", "చూడు", "మళ్లీ రాయి" అని ఉంటే ఆచరణ ఉన్నట్టు. "గుడ్", "ఫెయిర్", "తప్పు" అని ఉంటే లేనట్టు. నిర్దిష్టతకు లైన్ నంబరు గానీ లెక్క నంబరు గానీ ఉంటే చాలు. ఇద్దరు చూసినా ముగ్గురు చూసినా ఒకటే మార్కు వస్తుంది. మీరు చెప్పిన వ్యాఖ్యలో "జాగ్రత్తగా చేయి" ఉంది కాబట్టి ఆచరణకు 2 వేయాల్సిందే.

తిరుచానూరు నాన్న

ఈ చర్చ మొదలుపెట్టినందుకు థాంక్స్ మేడమ్. మా వాడు ఆరో తరగతి, ప్రైవేట్ స్కూలు. డైరీలో వారానికి ఒకటైనా కంప్లెయింట్ వస్తుంది. "క్లాసులో మాట్లాడుతున్నాడు", "హోంవర్క్ ఆలస్యం", "చేతిరాత బాగాలేదు". ఇవన్నీ చదివి మేం ఇంట్లో ఏం చేయాలో తెలియదు. వీటిక్కూడా మీ పద్ధతిలో మార్కులు వేయొచ్చా?

కార్వేటినగరం విశ్రాంత అధ్యాపకుడు

తిరుచానూరు వారికి ముందుగా ఒక మాట. డైరీలో రాసేది మీ కోసం, పిల్లవాడి ప్రవర్తన గురించి. టీచరమ్మ అడుగుతున్నది పిల్లవాడి కోసం, అతను చేసిన పని గురించి రాసేది. రెండూ కలిపితే కొలత చెడిపోతుంది. డైరీ సంగతి విడిగా మాట్లాడుకుందాం.

పుత్తూరు మాస్టారూ, మీ మాటలో సగం నిజముంది. ఇద్దరు చూసినా ఒకే మార్కు రావాలంటే కంటికి కనిపించే గుర్తు ఒకటి కావాలి. కానీ క్రియాపదం ఆ గుర్తు కాదు. "జాగ్రత్తగా చేయి" అన్నదాంట్లో క్రియ ఉంది. అది చదివాక పిల్లవాడు ఏం చేస్తాడు? పేజీ తిప్పుతాడు. అతను మొదటిసారి కూడా జాగ్రత్తగానే చేశాననుకున్నాడు.

నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు రెండు పరీక్షలు వాడేవాణ్ణి.

నిర్దిష్టతకు ఇది. ఆ వ్యాఖ్యను ఇదే లెక్కలో వేరే తప్పు చేసిన పిల్లవాడి నోట్సులో రాసి చూడండి. ఉదాహరణకు ఇంకో అమ్మాయి బ్రాకెట్ సరిగ్గా తీసి 3x − 12 = 2x + 5 అని రాసింది. కానీ −12ను అవతలికి పంపేటప్పుడు గుర్తు మార్చలేదు. 3x − 2x = 5 − 12 అని రాసి x = −7 తెచ్చింది. "జాగ్రత్తగా చేయి" ఆమె నోట్సులోనూ అతికినట్టు సరిపోతుంది, కాబట్టి 0. "బ్రాకెట్ తీయడంలో తప్పు" ఆమెకు సరిపోదు, కాబట్టి అందులో కొంత నిర్దిష్టత ఉంది. అయితే బ్రాకెట్‌లో ఏం తప్పో చెప్పలేదు. గుర్తు తప్పా, గుణకారం తప్పా? నేనైతే 1 వేస్తాను. "3తో xని గుణించావు, 4ని గుణించలేదు" అని రాసి ఉంటే 2.

ఆచరణకు రెండో పరీక్ష. వ్యాఖ్య చదివిన తర్వాత పిల్లవాడి పెన్ను కాగితం మీద ఏం రాస్తుందో మీరు ముందే చెప్పగలరా? చెప్పగలిగితే 2. ఏదో ఒకటి చేస్తాడు, ఏమిటో చెప్పలేం అనిపిస్తే 1. ఏమీ రాయడనిపిస్తే 0. ఈ లెక్కన మీరు చూపిన వ్యాఖ్యకు ఆచరణలో మీ సహోద్యోగి వేసిన 0 సరైనదే.

చంద్రగిరి లెక్కల టీచర్

సార్, చాలా థాంక్స్. ఈ రెండు పరీక్షలు పెట్టుకుని కొన్ని నోట్సులు మళ్లీ చూశాను. ఒకచోట ఆగిపోయాను. "రోజూ పది సమీకరణాలు ప్రాక్టీస్ చేయి" అని ఒక వ్యాఖ్య ఉంది. నిర్దిష్టత 0, అందులో సందేహం లేదు. పెన్ను ఏం రాస్తుందో చెప్పగలం: పది సమీకరణాలు. మరి ఆచరణకు 2 వేయాలా? వేస్తే మనసొప్పడం లేదు. ఆ అబ్బాయి పది లెక్కల్లోనూ బ్రాకెట్ బయట సంఖ్యతో మొదటి పదాన్ని మాత్రమే గుణిస్తాడు. తప్పునే పదిసార్లు ప్రాక్టీస్ చేసినట్టవుతుంది.

కార్వేటినగరం విశ్రాంత అధ్యాపకుడు

మీ మనసు ఒప్పుకోకపోవడం న్యాయమే. ఆచరణ అంటే పని ఒకటే కాదు, ఆ తప్పును సరిచేసే దిశగా వెళ్లే పని. అందుకే నేను ఈ రెండు కొలతలను కూడను. 0కి 2 కలిపి 2 అని వేస్తే, రెండింటిలో చెరో 1 వచ్చిన వ్యాఖ్యతో ఇది సమానమైపోతుంది. విడివిడిగా రాసి ఉంచండి. నిర్దిష్టత 0 అయితే ఆచరణ ఎంతున్నా దాన్ని "పనికొచ్చే వ్యాఖ్య" గుంపులో వేయకండి.

దీనికి ఎదురు కేసు కూడా ఉంది, అది ఇంకా మోసం చేస్తుంది. కొందరు టీచర్లు శ్రద్ధగా తప్పు లైన్ కొట్టేసి, పక్కనే 3x − 12 = 2x + 5, x = 17 అని మొత్తం చేసి పెట్టేస్తారు. కింద "ఇలా సరిచేసి రాయి" అంటారు. నిర్దిష్టత 2. పెన్ను ఏం రాస్తుందో కచ్చితంగా చెప్పగలం, కాబట్టి ఆచరణా 2. కానీ పిల్లవాడు చేసింది చూసిరాత. 12 ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క క్షణం కూడా ఆలోచించక్కర్లేదు. డిలన్ విలియమ్ అనే విద్యావేత్త ఈ విషయం మీద చాలా పనిచేశారు. టీచర్ వ్యాఖ్య రాయడానికి పడిన శ్రమ కన్నా, దాన్ని అందుకున్న పిల్లవాడు పడే శ్రమ ఎక్కువ ఉండాలని ఆయన అంటారు. నేనైతే ఆచరణకు 2 ఇవ్వాలంటే ఆ పనిలో ఆలోచన పిల్లవాడి వైపు మిగిలి ఉండాలంటాను.

ఆ అబ్బాయికి నేను రాయాల్సి వస్తే ఇలా రాస్తాను:

"x = 9ని మొదటి లైన్లో పెట్టి చూడు. రెండు వైపులా ఒకే సంఖ్య వస్తుందా? రాకపోతే రెండో లైన్లో 3 వేటిని గుణించిందో చూసి సరిచేయి. తర్వాత 5(y − 2) = 3y + 4 కూడా చేసి చూపించు."

9 పెడితే ఎడమ వైపు 15, కుడి వైపు 23 వస్తాయి. తప్పు చేశానని నేను చెప్పకుండానే అతనికి తెలుస్తుంది. ఆ చివరి లెక్కను ఊరికే ఎంచుకోలేదు. అర్థమైతే y = 7 వస్తుంది. పాత అలవాటు పోకపోతే y = 3 వస్తుంది. రెండూ పూర్ణ సంఖ్యలే కాబట్టి జవాబు చూసి పిల్లవాడికి అనుమానం రాదు. మీకు మాత్రం ఒక్క చూపులో తెలిసిపోతుంది.

పుత్తూరు మాస్టారు

సార్, క్రియాపదం సంగతి ఒప్పుకున్నాను. కానీ మీరు రాసిన ఆ నాలుగు వాక్యాలు ఎంతమందికి రాస్తారు? నాకు ఐదు సెక్షన్లు, సెక్షనుకు నలభై మంది. నోట్సుకు రెండు నిమిషాలు పట్టినా 400 నిమిషాలు, అంటే ఆరున్నర గంటల పైనే. అదీ ఒక్క రోజు హోంవర్క్‌కి. ఎఫ్ఏ పేపర్లు, రిజిస్టర్లు, ఆన్‌లైన్ ఎంట్రీలు ఉండనే ఉన్నాయి. ఈ కొలతలు పెట్టి చూస్తే మా మండలంలో ఏ టీచరుకీ పాస్ మార్కులు రావు. రేపు దీన్ని ఇన్‌స్పెక్షన్ ఫారంలో పెడితే అందరం "x = 9ని పెట్టి చూడు" అని అచ్చుగుద్ది పెడతాం. పిల్లలు చదవరు, మేం రాయడం మానం.

శ్రీకాళహస్తి బీఈడీ

మాస్టారు చెప్పిన చివరి మాట నిజం. నేను ఇప్పుడు టీచింగ్ ప్రాక్టీస్‌లో ఉన్నాను. నోట్సులు ఇచ్చిన వెంటనే పిల్లల్ని గమనించాను. పదికి ఎన్నొచ్చాయో చూస్తారు, పక్కవాడివి చూస్తారు, మూసేస్తారు. వ్యాఖ్య ఎంత బాగున్నా దాని మీదికి కన్ను పోవడం లేదు. మరి చదవని వ్యాఖ్యకు నిర్దిష్టత 2, ఆచరణ 2 వేసి ఏం లాభం?

కార్వేటినగరం విశ్రాంత అధ్యాపకుడు

అమ్మాయి గమనించింది కొత్త విషయం కాదు, గట్టి విషయం. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ఇజ్రాయెల్ బడిపిల్లలతో చేసిన పని ఒకటి ఉంది. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు తర్వాతి పనిలో మెరుగయ్యారు. రెండూ అందుకున్నవాళ్లకు ఆ లాభం దక్కలేదు. పక్కన మార్కు ఉండటంతో వ్యాఖ్య పనిచేయలేదు. ఆ ప్రయోగం జరిగిన పనులు వేరు, మన సమీకరణాలు వేరు. అయినా హోంవర్క్ మీద పదికి ఇన్ని అని వేయక తప్పని రూలేమీ లేదు. వ్యాఖ్య రాసిన రోజు మార్కు రాయకండి.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. క్లుగర్, డెనిసి అనే ఇద్దరు 1996లో అప్పటిదాకా ఫీడ్‌బ్యాక్ మీద వచ్చిన పరిశోధనలు చాలా కలిపి చూశారు. సగటున ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా సందర్భాల్లో ఫలితం తగ్గింది. మాట మనిషి మీదికి మళ్లినప్పుడు, అంటే "నువ్వు తెలివైనవాడివి", "నీకు లెక్కలు రావు" అన్న వైపు వెళ్లినప్పుడు దాని బలం తగ్గుతుందని వాళ్లు వివరించారు. కాబట్టి వ్యాఖ్య రాస్తే మేలే తప్ప కీడు ఉండదని అనుకోవద్దు.

పుత్తూరు మాస్టారి 400 నిమిషాల లెక్క దగ్గర నాకు సులువైన జవాబు లేదు. చేయగలిగింది ఒకటే. హోంవర్క్‌లో పది లెక్కలుంటే ఒక్క లెక్కనే లోతుగా చూడండి, మిగతావి టిక్కులతో సరిపెట్టండి. ఒక క్లాసులో ఒకే లెక్కకు వచ్చే తప్పులు సాధారణంగా మూడు నాలుగు రకాలే ఉంటాయి. బ్రాకెట్ తప్పు "అ", గుర్తు మార్చని తప్పు "ఆ", కూడిక తీసివేత తప్పు "ఇ" అనుకోండి. నోట్సులో ఆ అక్షరం ఒక్కటే రాసి, బోర్డు మీద ఒక్కో అక్షరానికి పూర్తి వ్యాఖ్య రాయండి. మొదటి పది నిమిషాలు పిల్లలు వాళ్ల అక్షరం చూసుకుని అక్కడికక్కడే సరిచేయాలి. అప్పుడు చదవలేదనే మాట కూడా ఉండదు.

చంద్రగిరి లెక్కల టీచర్

అక్షరాల పద్ధతి బాగుంది సార్. కానీ దానితో కొలతలో ఇంకో చిక్కు వస్తుంది. నోట్సులో "అ" అని ఒక్కటే ఉంటే, వేరే బడి నుంచి వచ్చిన మా సహోద్యోగి దానికి 0, 0 వేస్తారు. క్లాసులో ఉన్న పిల్లవాడికేమో అది నాలుగు వాక్యాలతో సమానం.

కార్వేటినగరం విశ్రాంత అధ్యాపకుడు

అవును. నోట్సు మాత్రమే చూసి కొలిచే పద్ధతి పరిమితి అది. వ్యాఖ్య ఒక్కటే కాగితం మీద రాసిచ్చి మార్కు వేయమంటే ఎప్పుడూ తప్పుతుంది. కొలిచేవాళ్ల ముందు మూడు ఉండాలి. పిల్లవాడు చేసిన లెక్క, దాని కింది వ్యాఖ్య, ఆ క్లాసులో వాడే గుర్తుల పట్టిక. మూడోది లేకపోతే ఆ వ్యాఖ్యను పక్కన పెట్టేయండి, 0 వేయొద్దు.

తిరుచానూరు నాన్న

మా వాడి లెక్కల నోట్సు ఇప్పుడే తీసి చూశాను. ఒక పేజీలో ఏడు లెక్కలకు టిక్కులు, కింద "గుడ్, కీప్ ఇట్ అప్" అని ఉంది. నేను చేసి చూస్తే అందులో రెండు జవాబులు తప్పు. ఇంకో పేజీలో "విభాగ న్యాయం రివైజ్ చేయి" అని ఇంగ్లీషులో ఉంది. మా వాణ్ణి అడిగితే ఆ ఇంగ్లీషు మాటేమిటో తెలియదన్నాడు. తెలుగులో చెప్పినా తెలియదన్నాడు. బ్రాకెట్ బయట సంఖ్య లోపలి రెండింటికీ వెళ్లాలి అంటే మాత్రం "ఓ, అదా" అన్నాడు. మీ కొలతలో వీటికి చోటెక్కడ?

కార్వేటినగరం విశ్రాంత అధ్యాపకుడు

సార్, ఈ రెండూ చాలా విలువైనవి.

మొదటిది నిర్దిష్టత, ఆచరణల కన్నా ముందే అడగాల్సిన ప్రశ్న. వ్యాఖ్య నిజమా కాదా? తప్పు లెక్కకు టిక్కు పెట్టి ఉంటే మిగతా కొలతలు వేయడమే అనవసరం. నిజం కావడంలో ఇంకో లోతు కూడా ఉంది. ఇంతకుముందు అబ్బాయినే చూడండి. అదే హోంవర్క్‌లో 2(x + 1) ఎక్కడైనా ఉందేమో వెతకండి. అక్కడ 2x + 1 అని రాసి ఉంటే అతనికి బ్రాకెట్ సంగతి అసలు తెలియదు. 2x + 2 అని సరిగ్గా రాసి ఉంటే తెలుసు, ఒక్కచోట చేయి జారింది. చేయి జారినవాడికి రెండో లైన్ కింద గీత గీస్తే చాలు. తెలియనివాడికి ఎంత మంచి వ్యాఖ్య రాసినా చాలకపోవచ్చు, పిలిచి కూర్చోబెట్టి చెప్పాలి. ఇద్దరికీ ఒకే వ్యాఖ్య రాస్తే ఒకరి దగ్గర అది ఎక్కువ, ఒకరి దగ్గర తక్కువ.

రెండోది భాష. "విభాగ న్యాయం రివైజ్ చేయి" అన్నది టీచరు చదివితే నిర్దిష్టంగానే ఉంటుంది. పిల్లవాడు చదివితే అందులో ఏమీ లేదు. ప్రభుత్వ బడుల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉన్నాయి. వ్యాఖ్య మాత్రం చాలాచోట్ల ఇంగ్లీషులోనే పడుతోంది. కొలిచేటప్పుడు టీచరుగా చదివి మార్కు వేయకండి. వీలైతే ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి, "మీ టీచరు ఏం చేయమంటున్నారు, నీ మాటల్లో చెప్పు" అని అడగండి. వాళ్లు చెప్పేదానికీ మీరు వేసిన మార్కుకూ ఎంత దూరముందో అప్పుడు తెలుస్తుంది.

పలమనేరు తెలుగు పండిట్

నాది లెక్కలు కాదు, తెలుగు వ్యాసాలు. అయినా అడుగుతాను. తొమ్మిదో తరగతి అమ్మాయి "మా ఊరి చెరువు" అని రాసింది. ఒత్తులు, దీర్ఘాల తప్పులు పద్నాలుగు. ఒక్కొక్కదానికీ సున్నా చుట్టి, "ఐదేసి సార్లు రాయి" అన్నాను. మీ పరీక్షల ప్రకారం రెండింటిలోనూ నిండు మార్కులు. ఆమె అన్నీ రాసింది కూడా. తర్వాతి వ్యాసంలో ఆ మాటలు సరిగ్గా వచ్చాయి. కానీ వ్యాసం మాత్రం ముందు వ్యాసంలాగే ఉంది. చెరువు గురించి ఎవరైనా రాయగలిగిన నాలుగు మాటలు రాసి ఆపేసింది. ఆ ఊరి చెరువు, అక్కడి కట్ట, అక్కడి నీళ్లు అందులో లేవు. దాని గురించి నేను రాస్తే ఎలా రాయాలి? "ఇంకా వివరంగా రాయి" అంటే అది మీ లెక్కలో 0. "కట్ట మీద నిలబడితే ఏం కనిపిస్తుందో మూడు వాక్యాలు రాయి" అంటే 2 వస్తుంది. కానీ అప్పుడు ఆ మూడు వాక్యాలూ నావే అవుతాయి కదా?

కార్వేటినగరం విశ్రాంత అధ్యాపకుడు

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, ఏ విషయం మీద వ్యాఖ్య రాయాలో ఎంచుకోవడం. ఆ హోంవర్క్ ఒత్తులు నేర్పడానికి ఇచ్చారా, చూసింది రాయడం నేర్పడానికి ఇచ్చారా? రెండోదానికే అయితే పద్నాలుగు సున్నాలు ఎంత నిర్దిష్టమైనా అసలు పనిని తాకలేదు. అందుకే కొలత కాగితం పైన "ఈ హోంవర్క్ దేనికోసం ఇచ్చాం" అనేది ఒక వాక్యంలో రాసుకోవాలి. వ్యాఖ్య ఆ వాక్యం వైపు చూస్తోందా అన్నది కూడా ఒక గడి కావాలి.

రెండో ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. సమీకరణంలో సరైన దారి ముందే ఉంటుంది కాబట్టి అటు చూపిస్తాం. వ్యాసంలో దారి ఆ అమ్మాయిది. నేనైతే ఆమె రాసినదాంట్లోనే ప్రాణమున్న ఒక వాక్యం పట్టుకుని, "ఇది నువ్వు చూసి రాశావని తెలుస్తోంది. మిగతా పేరాలో ఇలాంటిది ఇంకెక్కడ పెట్టగలవో నువ్వే చూడు" అంటాను. పెన్ను ఏం రాస్తుందో ముందే చెప్పలేను, కాబట్టి నా పరీక్ష ప్రకారమే దానికి ఆచరణ 1. అయినా అదే మేలని నా అభిప్రాయం. వ్యాసాలకు ఈ పరీక్ష మార్చాలేమో.

పలమనేరు తెలుగు పండిట్

అలాంటి వాక్యం ఒక్కటీ లేని వ్యాసాలే ఎక్కువ సార్. అయినా ప్రయత్నిస్తాను.

స్టాటిస్టిక్స్ విద్యార్థి, తిరుపతి

నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. టీచర్ గారూ, మొదట్లో మీరు అడిగింది ఇద్దరికీ మార్కులు కలవడం లేదని కదా. ఎంత కలవడం లేదో లెక్క కట్టారా?

చంద్రగిరి లెక్కల టీచర్

కొత్త పరీక్షలతో మళ్లీ చేశాం. 40 వ్యాఖ్యలు తీసుకున్నాం. సులువుగా ఉంటుందని ఆచరణ ఉందా లేదా అని రెండే గడులు పెట్టాం. ఇద్దరం ఉందన్నవి 8, ఇద్దరం లేదన్నవి 22. నేను ఉందని ఆమె లేదన్నవి 6, ఆమె ఉందని నేను లేదన్నవి 4. నలభైలో ముప్పై కలిశాయి, అంటే 75 శాతం. ఫర్వాలేదనుకున్నాం.

స్టాటిస్టిక్స్ విద్యార్థి, తిరుపతి

75 శాతం చూసి సంతోషపడటం తొందరపాటు మేడమ్. ఎందుకో చెబుతాను. మీరు 40లో 14కి "ఉంది" అన్నారు, అంటే 35 శాతం. ఆమె 12కి అన్నారు, 30 శాతం. ఇప్పుడు ఇద్దరూ నోట్సు తెరవకుండా, అదే నిష్పత్తిలో కళ్లు మూసుకుని రాశారనుకోండి. ఇద్దరికీ "ఉంది" పడే అవకాశం 0.35 × 0.30 = 0.105. ఇద్దరికీ "లేదు" పడేది 0.65 × 0.70 = 0.455. కలిపితే 0.56. అంటే వ్యాఖ్యలు చదవకపోయినా మీకు 56 శాతం కలిసేది.

చదివినందువల్ల అదనంగా కలిసింది 0.75 − 0.56 = 0.19. ఎక్కువలో ఎక్కువ కలవగలిగింది 1 − 0.56 = 0.44. 0.19ని 0.44తో భాగిస్తే దాదాపు 0.43. దీన్నే కోహెన్ కప్పా అంటారు, 1960 నుంచి వాడుకలో ఉంది. పూర్తిగా కలిస్తే 1, గుడ్డిగా వేసినట్టుంటే 0. మీది మధ్యస్థం. ఈ కొలతతో "ఈ బడి కన్నా ఆ బడి వ్యాఖ్యలు మేలు" అని తేల్చడానికి నేనైతే ఒప్పుకోను.

"లేదు" చాలా ఎక్కువగా ఉన్న చోట కప్పా మరీ కిందికి పడిపోతుంది, అదీ గుర్తుపెట్టుకోండి. కాబట్టి సంఖ్య ఒక్కటి చూసి ఆగకుండా, కలవని ఆ పదింటినీ ముందు పెట్టుకుని ఇద్దరూ మాట్లాడుకోండి.

పుత్తూరు మాస్టారు

నలభైలో 22 వ్యాఖ్యల్లో పిల్లవాడు చేయడానికి ఏమీ లేదని ఇద్దరూ ఒప్పుకున్నారు. నాకు కప్పా కన్నా అదే పెద్ద సంగతిగా కనిపిస్తోంది. సగానికి పైగా ఎర్ర ఇంకు ఊరికే పోయింది. ఆ 22 రాయకపోయి ఉంటే నా ఆరున్నర గంటల్లో సగం మిగిలేది. కొలతకు నేను అడ్డం చెప్పను. దాన్ని టీచర్ల ఇన్‌స్పెక్షన్‌కి వాడొద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

కార్వేటినగరం విశ్రాంత అధ్యాపకుడు

మాస్టారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను, రెండు సంగతుల్లోనూ.

చంద్రగిరి లెక్కల టీచర్

కలవని పదింటినీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. వాటిలో ఏడు ఒకే రకం: "పుస్తకంలో ఉదాహరణ చూసి మళ్లీ చేయి". పిల్లవాడి ముందు పుస్తకం ఉంది, ఉదాహరణ ఉంది, కాబట్టి పని ఉన్నట్టేనని ఒకరి వాదన. ఆ ఉదాహరణలో అతని తప్పు చోటు అసలు రాకపోతే ఏం లాభమని ఇంకొకరి వాదన. పుస్తకం తెరిచి చూశాం. కొన్ని ఉదాహరణల్లో బ్రాకెట్టే లేదు. చివరికి ఒక నియమం పెట్టుకున్నాం. చూడమన్న ఉదాహరణలో ఆ తప్పు జరిగే మెట్టు ఉంటేనే ఆచరణ ఉన్నట్టు. ఈ నియమంతో ఇంకో కొత్త కట్ట నోట్సులు తీసుకుని మళ్లీ వేస్తాం. పాతవాటికే వేస్తే మాట్లాడుకున్నవి గుర్తుండి కలిసిపోతాయి కదా.

ఇంకో పని కూడా మొదలుపెట్టాం. వ్యాఖ్యకు మార్కు వేసి ఊరుకోకుండా, అదే పిల్లవాడి తర్వాతి హోంవర్క్ తెరిచి చూస్తున్నాం. అదే రకం లెక్క వచ్చినప్పుడు ఆ తప్పు మళ్లీ ఉందా? 2, 2 వేసిన వ్యాఖ్యల కింద కూడా తప్పు తిరిగొచ్చిన నోట్సులు కనిపిస్తున్నాయి. 0, 0 వేసిన చోట తప్పు పోయినవీ ఉన్నాయి. ఇంట్లో అక్కో, ట్యూషన్ సారో చెప్పి ఉంటారా, లేక మా కొలత తప్పా అన్నది తేలడం లేదు.

స్టాటిస్టిక్స్ విద్యార్థి, తిరుపతి

అది తేలాలంటే ఒకే తప్పు చేసిన పిల్లల్ని రెండు గుంపులు చేసి, ఒకరికి పాత రకం, ఒకరికి కొత్త రకం వ్యాఖ్య రాయాలి. ఎవరికి ఏది అన్నది చీటీలు వేసి తేల్చాలి. బాగా చదివే పిల్లలందరికీ మంచి వ్యాఖ్య పడితే పోలిక చెడుతుంది.

శ్రీకాళహస్తి బీఈడీ

సగం మంది పిల్లలకు కావాలని "జాగ్రత్తగా చేయి" అని రాయడం న్యాయమేనా? వాళ్లూ మన పిల్లలే కదా.

స్టాటిస్టిక్స్ విద్యార్థి, తిరుపతి

ఒక వారం ఈ గుంపుకు, తర్వాతి వారం ఆ గుంపుకు మార్చి రాయొచ్చు. చివరికి అందరికీ మంచి వ్యాఖ్య అందుతుంది.

చంద్రగిరి లెక్కల టీచర్

మార్చి రాసినా మొదటి వారం సందేహం నాకు తీరలేదు. అందుకని ఇంకోలా ఆలోచిస్తున్నాను. రెండు గుంపులకూ తప్పు చోటు చూపిస్తాను. ఒక గుంపుకు "3తో 4ని కూడా గుణించు" అని నేరుగా చెబుతాను. ఇంకో గుంపుకు "x = 9 పెట్టి చూడు" అని వదిలేస్తాను. రెండూ పనికొచ్చేవే కాబట్టి ఎవరికీ అన్యాయం ఉండదు. మార్కులు వేయను. పది రోజుల తర్వాత 5(y − 2) = 3y + 4 ఇచ్చి, ఎంతమందికి 7 వచ్చిందో, ఎంతమందికి 3 వచ్చిందో చూస్తాను. మీలో ఎనిమిదో తరగతి చెప్పేవాళ్లు ఎవరైనా ఇదే లెక్కతో మీ క్లాసులోనూ చేస్తే ఇక్కడ రాయండి. ఒక్క సెక్షన్ పిల్లలతో నేనేమీ తేల్చలేను.

పుత్తూరు మాస్టారు

నా రెండు సెక్షన్లు రాసుకోండి. కానీ చేయి జారినవాళ్లనీ, అసలు తెలియనివాళ్లనీ ముందే వేరుచేసి పంపాలా, కలిపి పంపాలా? అది చెబితే సోమవారం మొదలుపెడతాను.